ఎవరికీ చెప్పనని మాటిచ్చేశాను, వాళ్ళమ్మ బయట కూర్చుని ఉంది

మహేంద్రతనయ:
పర్లాకిమిడి దగ్గర ఒక పీహెచ్‌సీలో పనిచేస్తున్నాను. నిన్న ఓపీలో ఒక తప్పు చేశాననిపిస్తోంది, పెద్దవాళ్ళు చెప్పండి.

పదహారేళ్ళ అబ్బాయి, ప్లస్ టూ మొదటి సంవత్సరం. ఇంట్లో తెలుగే, స్కూల్లో ఒడియా. తలనొప్పి అని వాళ్ళమ్మ తీసుకొచ్చింది. ముక్కు కింద, పెదాల చుట్టూ చర్మం ఎర్రగా పొక్కి ఉంది. చలికి పగిలిందని ఆవిడ అంది. కానీ పగుళ్ళలా లేదు, కచ్చితంగా ముక్కూ నోరూ చుట్టూ గుడ్డ పెట్టినంత మేర ఉంది. షర్టు దగ్గర పంక్చర్ షాపు వాసన. ఆవిడని బయట కూర్చోమని చెప్పి తలుపు వేశాను. వాడు నోరు విప్పడం లేదని, "నువ్వేం చెప్పినా ఎవరికీ చెప్పను, ఒట్టు" అనేశాను.

చెప్పాడు. ట్యూబులు అతికించే జిగురు గుడ్డలో పోసి పీలుస్తాడట, వారానికి మూడు సార్లు, దసరా నుంచి. ఆదివారాలు గంజాయి. అంతవరకు ఫరవాలేదు. తర్వాత అన్నాడు, "షాపులో అన్నయ్య ఊరికే ఇస్తాడు మేడం, అప్పుడప్పుడు పాతపట్నంలో ఒకాయనకి పొట్లం ఇచ్చి రమ్మంటాడు." బండి మీద అన్నయ్యతోనే వెళ్తాడట, అన్నయ్య కూడా పీల్చాకే నడుపుతాడట.

తలుపు తీయగానే అమ్మ లేచి నిలబడింది. "ఏటి చెప్పాడమ్మా?" చర్మానికి ఆయింట్‌మెంట్ రాశాను, పది రోజుల్లో మళ్ళీ తీసుకురండి అన్నాను, అంతే. రాత్రంతా టెన్షన్. ఇప్పుడు నేను ఆవిడకి చెప్పాలా? పోలీసులకి చెప్పాలా? ఒట్టు సంగతేమిటి?

కోర్టు కాగితం:
మేడం, టెన్షన్ వద్దు. ఎన్‌డీపీఎస్ అనే మత్తుమందుల చట్టంలో 64ఏ సెక్షన్ అని ఉంది. చికిత్సకి తనంతట తాను వచ్చినవాడి మీద కేసు ఉండదు. మీ దగ్గరకి వచ్చాడు కాబట్టి అబ్బాయి సేఫ్. కానీ పొట్లం సంగతి తెలిసింది కాబట్టి మీరు పోలీసులకి చెప్పి తీరాలి. చెప్పకపోతే మీరూ ముద్దాయే.

పాత స్టెతస్కోపు:
బరంపురంలో ముప్పై ఏళ్ళు పిల్లల వార్డు చూశాను, రిటైరయ్యాను. కోర్టు కాగితం గారూ, సగం సరిగ్గా చెప్పారు, మిగతా సగం మేడం గారిని భయపెడుతుంది. 64ఏ రక్షణ వాడకానికీ, చిన్న మోతాదు కేసుకీ. అది కూడా ప్రభుత్వం నడిపే లేదా గుర్తించిన ఆసుపత్రిలో, తనే కోరుకుని డీ అడిక్షన్ చికిత్సకి చేరి, ఆ చికిత్స తీసుకుంటేనే. ఓపీలో ఆయింట్‌మెంట్ చీటీ దానికి చాలదు. పైగా జిగురు ఎన్‌డీపీఎస్ జాబితాలోనే లేదు. ఈ అబ్బాయి ఎక్కువగా వాడేది ఆ చట్టానికి అందనిది.

"చెప్పి తీరాలి" అన్న మాట ఖాయంగా వర్తించేది పోక్సోకి. 2012 చట్టం, 19వ సెక్షన్. పద్దెనిమిది నిండని పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగబోతుందని అనుమానం కలిగినా, డాక్టరైనా ఆయా అయినా చెప్పాలి. చెప్పకపోతే శిక్ష ఉంది. అక్కడ పిల్లాడు వద్దన్నా మన చేతిలో లేదు. గంజాయి పీల్చానని పిల్లాడు చెప్పడం ఆ కోవలోకి రాదు.

మహేంద్ర, నువ్వు చేసిన తప్పు అడగడం కాదు. అడిగే ముందు ఇచ్చిన ఆ ఒట్టు. ఏ హద్దూ లేకుండా మాటిస్తే, హద్దు దాటాల్సి వచ్చిన రోజు వాడి దృష్టిలో నువ్వు అబద్ధాలకోరువి అవుతావు.

రాయగడ నాన్న:
నమస్కారం. మా అబ్బాయికి పదిహేనేళ్ళు, కళ్ళు ఎర్రగా ఉంటున్నాయి. మెడికల్ షాపులో మూత్రం పరీక్ష కిట్ దొరుకుతోంది, ఐదు రకాలు చూపిస్తుందట. వాడికి తెలియకుండా చెయ్యొచ్చా? ఈ కేసులో కూడా డాక్టరుగారు అదే చేసి ఉంటే గొడవే లేదు కదా. ఒట్టు అక్కర్లేదు, మాట అక్కర్లేదు.

శ్రద్ధా అక్క:
నాన్నగారూ, చెయ్యకండి. మా క్లినిక్‌లో ఇలా ఇంటి దగ్గర చేసుకొచ్చిన వాళ్ళని నెలకి ఇద్దరు ముగ్గుర్ని చూస్తాను. ఆ కిట్‌కి జిగురు తెలియదు. మేడం గారి అబ్బాయి వారానికి మూడు సార్లు జిగురే పీల్చి గంజాయి ముట్టకుండా ఉండి ఉంటే, కిట్ శుభ్రంగా ఉందని చెప్పేది, మీరు హాయిగా నిద్రపోయేవారు. గంజాయి రోజూ వాడేవాడికి మానేశాక నెల వరకూ కూడా గీత రావచ్చు. అంటే మానేసిన పిల్లాడిని మీరు దొంగని చేస్తారు. ఒక్కసారి చూసినవాడికి మూడు నాలుగు రోజుల్లో పోతుంది. కిట్ చెప్పేది ఎప్పుడో ఒకప్పుడు అని. ఎందుకు, ఎంత, ఎవరితో అనేది వాడి నోటినుంచే రావాలి. తెలియకుండా చేశారని తెలిసిన రోజు ఆ నోరు మూతపడుతుంది.

కళ్ళు ఎర్రగా ఉండటానికి ఫోను చాలు. వాడిని మా దగ్గరకి తీసుకురండి, మీరు బయట కూర్చోవాలి.

రాయగడ నాన్న:
నేనెందుకు బయట కూర్చోవాలండీ? నా కొడుకు.

ఒకప్పటి కుర్రాడు:
నాన్నగారికి నేను చెప్తాను. నాకిప్పుడు ముప్పై ఒకటి. పదిహేడేళ్ళప్పుడు, జ్వరానికి వెళ్తే ఒక డాక్టరుగారు సిగరెట్ తాగుతావా, మందు తాగుతావా అని నవ్వుతూ అడిగారు. ఆయన నవ్వు చూసి చెప్పాను. పది నిమిషాల తర్వాత నాన్న చేతిలో చీటీ పెట్టి, "వీడు మందు కొడుతున్నాడు, చూసుకోండి" అన్నారు. ఇంటికి వెళ్ళాక ఏం జరిగిందో చెప్పను. ఆ తర్వాత పన్నెండేళ్ళు ఏ డాక్టరు అడిగినా "లేదు సార్" అనే చెప్పాను. కామెర్లు వచ్చినప్పుడు కూడా.

ఓపీ తొంభై:
కొరాపుట్ జిల్లాలో మెడికల్ ఆఫీసర్ని. రోజుకి తొంభై ఓపీ, ఒక్కో కేసుకి మూడు నిమిషాలు. వచ్చిన ప్రతి పిల్లాడినీ మత్తు గురించి అడిగే ఈ స్క్రీనింగులు అమెరికా వాళ్ళ కాగితాలు. అక్కడే ప్రభుత్వ నిపుణుల సంఘం, యూఎస్‌పీఎస్‌టీఎఫ్, 2020లో పద్దెనిమిది లోపు పిల్లలకి డ్రగ్ స్క్రీనింగ్ మంచిదా చెడా చెప్పడానికి ఆధారాలు చాలవంది. మనమెందుకు తల బద్దలు కొట్టుకోవడం?

పాత స్టెతస్కోపు:
చాలవు అంది, పనికిరాదు అనలేదు. అదే దేశంలో పిల్లల డాక్టర్ల అకాడమీ అడగమనే చెబుతోంది. ఈ తగవు తీరలేదు, నిజమే. కానీ ఈ కేసులో ముక్కు కింద పొక్కిన చర్మం ఎదురుగా ఉంది. ఇది దారిన పోయేవాడిని ఆపి అడగడం కాదు.

టైమ్ సంగతికి వస్తే, ఎస్2బీఐ అనే ప్రశ్నల కాగితం ఒక్క నిమిషం పని. పోయిన ఏడాదిలో పొగాకు ఎన్నిసార్లు, మందు ఎన్నిసార్లు, గంజాయి ఎన్నిసార్లు? జవాబులు నాలుగే: ఒక్కసారీ లేదు, ఒకటి రెండు సార్లు, నెలనెలా, వారంవారం లేదా అంతకన్నా ఎక్కువ. మూడింటికీ లేదు అంటే ఆగిపోవచ్చు, ఏదైనా ఉంటే మిగతావి అడగాలి. నెలనెలా అన్నవాడికి మధ్య రకం సమస్య ఉండొచ్చు, వారంవారం అన్నవాడికి గట్టిదే ఉండొచ్చు. మహేంద్ర చెప్పిన అబ్బాయి నాలుగో గడిలో ఉన్నాడు.

కానీ ఆ కాగితం మన ఊళ్ళో రెండు చోట్ల కాలు జారుతుంది. జిగురు, వైట్‌నర్ లాంటివి రెండో విడతలో ఉంటాయి. జిగురు ఒక్కటే పీల్చే పిల్లాడు మొదటి మూడింటికీ నిజాయితీగా "లేదు" అంటాడు, మనం ఆపేస్తాం. 2019లో వచ్చిన జాతీయ సర్వేలో పెద్దవాళ్ళ కన్నా పిల్లల్లో ఎక్కువగా కనిపించినది ఈ పీల్చే రకం ఒక్కటే. 10 నుంచి 17 ఏళ్ళ వాళ్ళలో 1.17 శాతం, పెద్దల్లో 0.58. అందుకని నేను జిగురుని మొదటి ప్రశ్నల్లోకే లాక్కొచ్చేవాడిని.

శ్రద్ధా అక్క:
రెండో చోటు నేను చెప్తాను సార్. పొగాకు వాడతావా అంటే లేదంటారు. పొద్దున్నే పళ్ళకి పొగాకుతో చేసిన గుడాఖు రుద్దుతారు. అది వాళ్ళ లెక్కలో పళ్ళపొడి, అమ్మమ్మ కూడా రుద్దుతుంది మరి. మందు అంటే సీసాలోది. హండియా, జీలుగు కల్లు పండగ తిండిలో భాగం, మందు కాదు. పేరు పెట్టి అడిగితేనే బయటికొస్తుంది. "గుడాఖు రుద్దకపోతే తలనొప్పి వస్తుందా?" అని అడగండి, టక్కున చెప్తారు.

నాన్నగారికి: బయట కూర్చోమనేది మీ ఒక్కరినే కాదు. పదేళ్ళు దాటిన ప్రతి పిల్లాడి దగ్గరా పెద్దవాళ్ళకి ముందే చెప్తాను. "అయిదు నిమిషాలు మీతో, అయిదు నిమిషాలు వాడితో, చివర్లో ముగ్గురం. ఇది అందరికీ ఇంతే." అనుమానం వచ్చినవాడికి మాత్రమే తలుపు వేస్తే, తలుపు వేయడమే తీర్పు అయిపోతుంది.

మహేంద్రతనయ:
అదే జరిగింది అక్కా. ఆవిడ ముఖం అప్పుడే మారిపోయింది. సరే, ఒట్టు ఇచ్చేశాను. ఇప్పుడు వెనక్కి తీసుకోవడం ఎలా?

పాత స్టెతస్కోపు:
తీసుకోవాలి, వాడి ముందే, వచ్చినప్పుడు మొదటి మాటగా. నేను అయితే ఇలా అంటాను. "పోయినసారి ఎవరికీ చెప్పనన్నాను. అది తొందరపడి అన్న మాట. నువ్వు ఏం వాడావు, ఎంత వాడావు అనేది నా దగ్గరే ఉంటుంది. కానీ నీ ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ముప్పు ఉందనిపిస్తే, ఎవరైనా నిన్ను కొడుతున్నా, నీ ఒంటి మీద చెయ్యి వేస్తున్నా, కోర్టు అడిగినా, అప్పుడు దాచలేను. అలా చెప్పాల్సి వస్తే ముందు నీకే చెప్తాను. ఏం చెప్పాలో, ఎవరు చెప్పాలో ఇద్దరం కలిసి చూద్దాం." తర్వాత వాడినే ఆ మాటలు తిరిగి చెప్పమంటాను. చెప్పలేకపోతే వాడికి అర్థం కానట్టే.

ఇంకో నిజం కూడా ఉంది. 2002 వైద్య నియమావళి పేషెంటు రహస్యం బయటపెట్టొద్దంటుంది, కోర్టు ఆదేశం, ఎవరికో కచ్చితమైన తీవ్ర ప్రమాదం, తెలియజేయాల్సిన జబ్బు తప్ప. కానీ పదహారేళ్ళవాడు తల్లి దగ్గర దాచమంటే దాచవచ్చని మన చట్టంలో స్పష్టంగా రాసి లేదు. మానసిక చికిత్సకి చేర్చాలంటే 2017 చట్టం ప్రకారం సంతకం పెట్టేది ఆ తల్లో తండ్రో. అందుకే "చట్టం నీ వైపు ఉంది బాబూ" అని మాత్రం అనకు. నా మాటకి హద్దు ఇదీ అని చెప్పు చాలు.

కోర్టు కాగితం:
సరే సార్, 64ఏ నేను పూర్తిగా చదవలేదు. అయితే షాపు అన్నయ్య సంగతి? జువనైల్ జస్టిస్ చట్టం 2015, 77వ సెక్షన్ పిల్లలకి మత్తు ఇచ్చినవాడికి, 78 పిల్లలతో మోయించినవాడికి. ఏడేళ్ళ వరకూ జైలు. ఇది మాత్రం నేను తప్పు చెప్పడం లేదు.

పాత స్టెతస్కోపు:
తప్పు కాదు. ఆ షాపువాడు చేసేది నేరమే. గంజాయి ఇవ్వడం 77, పొట్లం మోయించడం 78. జిగురు ఇవ్వడం మాత్రం 77లోకి రాదు, అందులో రాసినవి మద్యం, మాదకద్రవ్యాలు, పొగాకు, మానసిక మత్తుమందులు. కానీ వాడి మీద ఫిర్యాదు పేరుతో ఈ పిల్లాడిని బోనులో నిలబెట్టకూడదు. పిల్లాడి కోసం పిల్లల సహాయ ఫోన్ నంబరు 1098 ఉంది. రవాణాలోకి లాగబడే పిల్లాడిని ఆ చట్టం సంరక్షణ అవసరమైన పిల్లాడిగానే చూస్తుంది, బాలల సంక్షేమ కమిటీ ముందుకి వెళ్తాడు. అయితే అది ఎప్పుడు చెయ్యాలన్నది, నిజం చెప్పనా, నేను రెండు రకాలుగానూ చేశాను. ఒకసారి చెప్పి మంచి జరిగింది. ఒకసారి చెప్పాక ఆ పిల్లాడు ఊరొదిలి పోయాడు.

పాతపట్నం మాస్టారు:
నేను ఇక్కడ హైస్కూలు టీచర్ని. ఇంత తర్జనభర్జన ఎందుకు? మీ రెండు పక్కల డాక్టర్లు అలాంటి పిల్లల పేర్లు మాకు రాసిస్తే, మేం తల్లిదండ్రుల్ని పిలిచి మాట్లాడతాం. నది దాటితే ఒడిశా, ఇటు వస్తే ఆంధ్ర, పిల్లలు మాత్రం ఒకళ్ళే.

శ్రద్ధా అక్క:
మాస్టారూ, పేర్లు ఇవ్వం. మీ ఉద్దేశం మంచిదే. కానీ స్టాఫ్‌రూమ్‌లో ఒక కాగితం పెడితే సాయంత్రానికి టీ కొట్టులో ఉంటుంది. అనుమానం ఉన్న పిల్లాడిని తలనొప్పి పేరుతోనైనా సరే మా దగ్గరకి పంపండి, కారణం రాయక్కర్లేదు. కానీ ఏం తేలిందని మళ్ళీ అడగొద్దు.

అసలు మన ఊళ్ళో రహస్యం పోయేది చట్టం వల్ల కాదు, చీటీ వల్ల. మా దగ్గర ఒకసారి చీటీ మీద ఎఫ్ 18 అని కోడ్ రాశారు, జిగురు లాంటివి పీల్చేవాళ్ళకి వాడే కోడ్. ఎవరికీ అర్థం కాదనుకున్నారు. ఆ అమ్మాయి అన్న జిరాక్స్ షాపులో పనిచేస్తాడు, ఫోన్లో కొట్టి చూశాడు. ఇప్పుడు మేం చేతికిచ్చే చీటీ మీద తలనొప్పో, చర్మమో, వచ్చిన బాధే రాస్తాం. మిగతాది బీరువాలో రిజిస్టర్‌లో. ఆశా కార్యకర్త పిల్లాడికి పిన్ని అవుతుందేమో కూడా చూసుకోవాలి మేడం, నవ్వకండి.

మహేంద్రతనయ:
నవ్వడం లేదు అక్కా. మా ఆశా ఆ వీధిలోనే ఉంటుంది.

ఓపీ తొంభై:
ఒకటి అడుగుతాను, వాదన కాదు. జిగురు వారానికి మూడు సార్లు అంటే అదే ప్రాణానికి ముప్పు కదా? మా ఇంటర్న్‌షిప్‌లో ఒకణ్ణి తీసుకొచ్చారు, పీల్చాక పోలీసుని చూసి పరుగెత్తాడట, పడిపోయాడు, గుండె ఆగింది. మొదటిసారి పీల్చినవాడికి కూడా అలా జరగొచ్చు. మరి "ప్రాణానికి ముప్పు ఉంటే చెప్తాను" అన్న హద్దు ఈ పిల్లాడు మొదటి రోజే దాటేశాడు. నేనైతే అమ్మకి అప్పుడే చెప్పేవాడిని.

శ్రద్ధా అక్క:
అలా అయితే జిగురు పీల్చే ప్రతివాడి విషయం చెప్పాల్సిందే, ఇక ఒక్కడూ రాడు సార్.

పాత స్టెతస్కోపు:
ఇద్దరి మాటలోనూ పస ఉంది, నేను తీర్పు ఇవ్వను. నా పద్ధతి వేరే దారిలో వస్తుంది. నాలుగో గడిలో ఉన్నవాడికి అయిదు నిమిషాల మాట సరిపోదు, పై వైద్యం కావాలి. పర్లాకిమిడి నుంచి బరంపురం కన్నా శ్రీకాకుళం దగ్గర, అయినా పదహారేళ్ళవాడు ఒంటరిగా వెళ్ళి రాలేడు, సంతకానికి పెద్దవాళ్ళు కావాలి. కాబట్టి అమ్మకి తెలియడం ఎలాగూ జరుగుతుంది. దాని మీద వాడితో బేరం ఆడు: ఎవరు చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి, ఎంత చెప్పాలి. గడువు పెట్టు, రెండు వారాలు దాటనివ్వకు. బండి మాత్రం ఈ రోజు నుంచే వద్దు. మత్తులో ఉన్నవాడి వెనక ఎక్కకుండా ఇంటికి రావడానికి ఎవరికి ఫోన్ చేస్తాడో పేరు చెప్పించుకో.

మాట్లాడేటప్పుడు ఉపన్యాసం వద్దు. ఒకటే ప్రశ్న. "మానడం నీకు ఎంత ముఖ్యం, సున్నా నుంచి పది లోపు చెప్పు." వాడు నాలుగు అంటే, ఎనిమిది ఎందుకు కాదని అడగొద్దు, సాకులు చెప్తాడు. "రెండు ఎందుకు కాదు?" అని అడుగు. అప్పుడు మానడానికి కారణాలు వాడే చెప్తాడు.

మహేంద్రతనయ:
పదకొండో రోజు వచ్చారు. రాసుకున్నది చెప్తాను.

మొదట ఒట్టు సంగతి. "అయితే చెప్పేస్తారా?" అని తలుపు వైపు చూశాడు. లేచి వెళ్ళిపోతాడనుకున్నాను. హద్దులు తిరిగి చెప్పమంటే మూడు చెప్పాడు, కోర్టు మర్చిపోయాడు. ఎవరైనా ఒంటి మీద చెయ్యి వేశారా అని నేరుగా అడిగాను, లేదన్నాడు, నమ్మాను.

పదిలో మూడు అన్నాడు. ఒకటి ఎందుకు కాదని అడిగితే చాలాసేపు గోళ్ళు చూసుకున్నాడు. "ఫుట్‌బాల్‌లో రెండు రౌండ్లకే ఊపిరి ఆగిపోతోంది మేడం. ముందు నేను వింగ్ ఆడేవాడిని, ఇప్పుడు గోల్‌లో నిలబెడుతున్నారు." ఆ గోల్‌లో నిలబెట్టడం వాడికి ఎంత అవమానమో అప్పుడు అర్థమైంది. సార్, జబ్బుల పేర్లు చెప్పాలని రాసుకెళ్ళిన కాగితం తీయనే లేదు.

ట్యూషన్ నుంచి షాపు వీధిలో కాకుండా రైల్వే స్టేషన్ వైపు నుంచి ఇంటికి వెళ్తానన్నాడు. బండి ఎక్కాల్సి వస్తే మావయ్యకి ఫోన్ చేస్తాడు. అమ్మకి జిగురు సంగతి తనే చెప్తానన్నాడు, నేను పక్కన ఉండాలి, గంజాయి మాట మాత్రం ఎత్తకూడదు. ఒప్పుకున్నాను. శ్రీకాకుళం వెళ్ళాక అక్కడ డాక్టరుకి గంజాయి కూడా చెప్పాలి, అది వాడి షరతు కాదు, నాది.

ఆవిడని లోపలికి పిలిచాం. వాడు "అమ్మా, నేను ట్యూబు జిగురు పీలుస్తున్నాను" అన్నాడు, గోడకేసి చూస్తూ. ఆవిడ ఏడవలేదు. "దీపావళి నుంచి నీ చొక్కాలు నేనే ఉతుకుతున్నాను కదరా" అంది.

రాయగడ నాన్న:
కిట్ కొనలేదండి. అక్క చెప్పిన అయిదు నిమిషాలకి వస్తాను. కానీ బయట కుర్చీ ఎక్కడ వేస్తారు? లోపల మాటలు వినపడనంత దూరమా?

శ్రద్ధా అక్క:
వినపడనంత దూరమే నాన్నగారూ. ఫ్యాన్ కూడా వేస్తాం.

మహేంద్రతనయ:
షాపు అన్నయ్య సంగతి ఇంకా ఏమీ చెయ్యలేదు. పొట్లాలు మానేశానని అబ్బాయి అంటున్నాడు. నిన్న నేను పని మీద ఆ వీధిలోనే వెళ్ళాను. షాపు ముందు ఇంకో పిల్లాడు కూర్చుని ఉన్నాడు, వాడికి పన్నెండేళ్ళు కూడా ఉండవు. 1098కి ఈ పిల్లాడి విషయం చెప్తే ఆ అబ్బాయి పేరు రాకుండా ఉంటుందా? ఇంతకు ముందు ఎవరైనా చేసి ఉంటే చెప్పండి.